అరికాళ్ల మంటలకు అమిట్రిప్టిలిన్: నోరెండటం, మత్తు, గుండె జాగ్రత్త

ప్రశ్న: అమ్మకు షుగర్, అరికాళ్లలో మంటలు. డాక్టర్ రాత్రికి అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. రాశారు. నెట్‌లో చూస్తే డిప్రెషన్ మందు అని ఉంది. నోరు ఎండుతోంది, పొద్దున మత్తుగా ఉంటోంది. మానేయాలా?

జవాబు: మీ అంతట మీరు మానేయకండి. డిప్రెషన్‌కు సాధారణంగా 75 మి.గ్రా. లేదా అంతకన్నా ఎక్కువ వాడతారు. 10 మి.గ్రా. నరాల నొప్పి సంకేతాలను తగ్గించడానికి. మైగ్రేన్ తరచుగా రాకుండా కూడా ఇలాగే తక్కువ డోసులో ఇస్తారు. మంట తగ్గడానికి కొన్ని వారాలు పట్టవచ్చు, కానీ మత్తు మొదటి రోజే వస్తుంది. అందుకే చాలామంది ఫలితం చూడకముందే ఆపేస్తారు.

పది గంటలకు వేసుకుంటుంటే ఎనిమిదింటికి మార్చవచ్చేమో డాక్టర్‌ను అడగండి, పొద్దుటి మత్తు చాలావరకు తగ్గుతుంది. రాత్రి బాత్రూమ్‌కు లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని లేవమనండి. బీపీ పడిపోయి తూలిపడే ప్రమాదం ఉంది. నోరెండితే మాటిమాటికి ఓ గుక్క నీళ్లు చాలు. చాక్లెట్లు చప్పరిస్తే షుగర్ పెరుగుతుంది, లాలాజలం తక్కువ కాబట్టి పళ్లూ త్వరగా పుచ్చుతాయి.

నాకు ముఖ్యంగా అనిపించేది గుండె సంగతి. ఈ మందు గుండెలోని విద్యుత్ ప్రసారాన్ని నెమ్మదింపజేయగలదు. ఈమధ్య హార్ట్ ఎటాక్ వచ్చినా, హార్ట్ బ్లాక్ లేదా గుండె లయ తప్పే జబ్బు ఉన్నా డాక్టర్‌కు వెంటనే చెప్పండి, సాధారణంగా వాళ్లకు ఇది ఇవ్వరు. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు ముందే ఒక ఈసీజీ తీయించడం మంచిది. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే అదీ చెప్పాలి. గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం కనిపిస్తే తర్వాతి డోసు వేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.