స్టీరింగ్ తిరుగుతుంది, చేతికి బరువు తెలియదు: షాపువాళ్లు డబ్బు వాపసు ఇవ్వాలా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది ప్రొద్దుటూరు. మా వాడి ప్లేస్టేషన్ గేమ్ కన్సోల్ పీఎస్5 కోసం కడపలో ఒక షాపులో 11,800 రూపాయలకు రేసింగ్ వీల్, పెడల్స్ కొన్నాను. పీఎస్5కి పనిచేస్తుంది, ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఉంది అన్నారు. బిల్లులో కూడా అట్లే రాసిచ్చినారు. ఇంటికి తెచ్చి పెడితే కొన్ని పాత గేముల్లో మాత్రమే పనిచేస్తోంది, అది కూడా పీఎస్4 కంట్రోలర్‌ను వీల్‌కు గుచ్చి ఉంచితేనే. స్టీరింగ్‌లో బరువు అసలే రాదు, ఊరికే వణుకుతుంది. బాక్సులో యూఎస్‌బీ వైరు తప్ప వేరే అడాప్టర్ లేదు. అడిగితే "మీ ఇంట్లో కరెంటు సరిగ్గా లేదు, బాక్సు తెరిచాక వాపసు తీసుకోం" అంటున్నారు. పన్నెండు రోజులైంది. నాకు దారి ఉందా?

జవాబు: దారి ఉంది. అయితే నోటీసు రాసే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మీ వీల్ చెడిపోయిందా, లేక మీకు చెప్పిన వస్తువే అది కాదా? ఈ రెండూ చట్టంలో వేర్వేరు కేసులు. చాలామంది "వస్తువు పాడైంది, బాగుచేయండి" అని రాసి పంపుతారు. షాపువాళ్లు దాన్ని సర్వీస్ సెంటరుకు పంపుతారు. అక్కడ "వస్తువు బాగానే ఉంది" అని రిపోర్టు ఇస్తారు. అది నిజమే కాబట్టి ఆ రిపోర్టు మీకే ఎదురు తిరుగుతుంది.

మీరు రాసినదాన్ని బట్టి మీ వీల్‌లో ఏదీ చెడిపోలేదని నాకు అనిపిస్తోంది. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటే స్టీరింగ్ వెనక ఉన్న మోటారు మీ చేతికి ఎదురు తిప్పడం. మలుపులో బరువెక్కడం, టైరు జారితే ఒక్కసారిగా తేలికవడం ఆ మోటారు పనే. అంత బలం యూఎస్‌బీ వైరులోంచి రాదు. మామూలు యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. అందుకే నిజమైన ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ వీల్‌కు గోడ ప్లగ్గులో పెట్టే సొంత అడాప్టర్ విడిగా వస్తుంది. ఉదాహరణకు లాజిటెక్ జి29కి 24 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. మీ బాక్సులో అడాప్టర్ రాలేదు. వీల్‌కు అది గుచ్చే రంధ్రం ఉందో లేదో ఇప్పుడే తిప్పి చూడండి. రంధ్రం కూడా లేకపోతే దాంట్లో ఆ మోటారే లేదన్నమాట. మీకు తెలిసే వణుకు వైబ్రేషన్, సెల్‌ఫోన్ వణికినట్టు. చిన్న మోటారు బరువు తిరిగితే వచ్చేది, అంతే.

ఇంకో పరీక్ష చేయండి. అన్ని వైర్లూ పీకేసి, స్టీరింగ్‌ను పక్కకు తిప్పి వదలండి. కరెంటు లేకపోయినా దానంతటదే మధ్యకు వచ్చేస్తే లోపల స్ప్రింగో రబ్బరు తాడో ఉందని అర్థం. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ వీల్ కరెంటు లేనప్పుడు ఎక్కడ వదిలితే అక్కడే ఉండిపోతుంది. అడాప్టర్ పెట్టి కన్సోల్‌కు కలిపితే మాత్రం ఎవరూ ముట్టుకోకుండానే ఎడమకు, కుడికి పూర్తిగా తిరిగి, మధ్యలో ఆగుతుంది. తన హద్దులు తాను కొలుచుకోవడం అది. మీ వీల్ అట్లా ఎప్పుడూ తిరగలేదు కదా? రంధ్రం చూడడం, స్టీరింగ్ తిప్పి వదలడం, ఈ రెండు పరీక్షలూ మీ పిల్లవాడి చేత ఫోన్‌లో వీడియో తీయించండి. వీడియో మొదట్లో బిల్లు, బాక్సు మీది సీరియల్ నంబరు కనిపించాలి. కట్ చేయకుండా ఒకే షాటులో ఉండాలి.

ఇక పాత గేముల్లోనే ఎందుకు పనిచేస్తోంది? కన్సోల్ కంప్యూటర్ లాంటిది కాదు, గుచ్చిన ప్రతి పరికరాన్నీ ఒప్పుకోదు. కన్సోల్ కంపెనీ లైసెన్సు ఇచ్చిన వీల్‌నే గుర్తిస్తుంది. లైసెన్సు లేని వీల్, మీరు గుచ్చిన పీఎస్4 కంట్రోలర్ గుర్తింపును అరువు తెచ్చుకుని లోపలికి వస్తుంది. పీఎస్4 కంట్రోలర్‌ను పీఎస్5 ఒప్పుకునేది పీఎస్4 గేములకే. అందువల్ల పీఎస్5 కోసం చేసిన గేము తెరవగానే మీ వీల్‌కు తలుపు మూసుకుంటుంది. ఇది సెట్టింగులు మారిస్తే పోయేది కాదు. "కన్వర్టర్ కొనండి, సరిపోతుంది" అని షాపువాళ్లు అంటే ఒప్పుకోకండి. కన్వర్టర్ గుర్తింపును మోసుకుపోతుందేమో గాని, లేని మోటారును తేలేదు. పైగా ఆ దారిని కన్సోల్ కంపెనీ ఎప్పుడైనా మూసేయగలదు. 2023 నవంబరులో ఎక్స్‌బాక్స్ అనే ఇంకో కన్సోల్‌లో అదే జరిగింది. లైసెన్సు లేని పరికరాలు కలిపితే 0x82d60002 అనే ఎర్రర్ చూపించి ఆపేయడం మొదలైంది.

"మీ ఇంటి కరెంటు" అనే మాటకు విలువ లేదు. మన జిల్లాలో ఎండాకాలం వోల్టేజీ ఊగిసలాట ఉన్నమాట నిజమే. కానీ మీ వీల్ గోడ ప్లగ్గుకు తగలనే లేదు. అది తాగే కరెంటంతా కన్సోల్ ఇచ్చే 5 వోల్టులే. కన్సోల్ బాగా నడుస్తోంది కదా? నోటీసులో ఈ ఒక్క వాక్యం రాయండి, ఆ వాదన అక్కడితో పోతుంది.

ఇప్పుడు చట్టం. మీ కేసుకు ప్రాణం ఆ బిల్లే. మీరు ఫలానా కన్సోల్‌కు కావాలని చెప్పి, షాపువాళ్ల మాట నమ్మి కొన్నారు. వస్తు విక్రయ చట్టం, 1930లో సెక్షన్ 15 ప్రకారం చెప్పిన వర్ణనకు వస్తువు సరిపోవాలి. సెక్షన్ 16 ప్రకారం, ఏ పనికి కావాలో చెప్పి అమ్మేవాడి తెలివి మీద ఆధారపడి కొంటే, అది ఆ పనికి పనికిరావాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(47) లేని నాణ్యతను, లేని మోడల్‌ను ఉందని చెప్పి అమ్మడాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. మీ ఫిర్యాదులో ముందు నిలబడాల్సింది ఇదే. "లోపం ఉన్న వస్తువు" అనేది రెండో వరుసలో పెట్టండి.

బాక్సును ఒకసారి జాగ్రత్తగా చదవండి. ఇట్లాంటి వీల్ బాక్సు మీద చాలాసార్లు "పీఎస్4, పీసీ, డ్యూయల్ వైబ్రేషన్" అనే ఉంటుంది. అంటే తయారీదారు అబద్ధం చెప్పలేదు, షాపు చెప్పింది. అప్పుడు దిగుమతిదారును కేసులోకి లాగడం వల్ల మీకు లాభం లేదు, వాయిదాలు పెరుగుతాయి. షాపు ఒక్కదాన్నే ప్రతివాదిగా పెట్టండి. బాక్సు మీద కూడా ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అని అచ్చు వేసి ఉంటే మాత్రం, లేబుల్ మీదున్న దిగుమతిదారు పేరు, చిరునామాతో ఇద్దరినీ చేర్చండి.

షాపు తరఫున వచ్చే గట్టి వాదన ఒకటుంది. "బాక్సు మీద వైబ్రేషన్ అని ఉంది, చదువుకుని కొనాల్సింది" అంటారు. బిల్లులో ఊరికే "రేసింగ్ వీల్" అని రాసి, మిగతాదంతా నోటిమాటగా ఉంటే ఈ వాదన మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది. మీ బిల్లులో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్, పీఎస్5 అని వాళ్ల చేతిరాతే ఉంది కాబట్టి మీకు టెన్షన్ వద్దు. వాట్సాప్‌లో ఏమైనా మాట్లాడి ఉంటే ఆ సంభాషణ చెరపకండి. దాన్ని సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి.

"బాక్సు తెరిచాక వాపసు లేదు" అనే మాట ఇక్కడ అడ్డం రాదు. తెరవకుండా స్టీరింగ్‌లో బరువు ఉందో లేదో ఎవరికి తెలుస్తుంది? బిల్లు మీద అచ్చు వేసిన ఇలాంటి షరతుల్ని వినియోగదారుల కమిషన్లు చాలాసార్లు తోసిపుచ్చాయి. మనసు మారి తిరిగివ్వడం వేరు, చెప్పింది ఇవ్వనందుకు తిరిగివ్వడం వేరు.

ఇక చేయాల్సింది. ఈ రోజు నుంచి వీల్ వాడకండి. అట్ట, థర్మాకోల్, వైర్లతో సహా బాక్సులో పెట్టండి. ముఖ్యంగా ఇంట్లో ఉన్న ఏ లాప్‌టాప్ చార్జరో గుచ్చి చూడకండి. నా దగ్గరికి కర్నూలు నుంచి వచ్చిన ఒకాయన కేసులో నిజమైన ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ వీలే ఉంది, అడాప్టర్ ఒక్కటి బాక్సులో రాలేదు. అడాప్టర్ ఇప్పించండి అని ఒక ఉత్తరం రాస్తే తీరిపోయే సంగతి. ఆయన వేరే చార్జర్ పెట్టి లోపలి బోర్డు కాల్చేశాడు. ఆ తర్వాత తప్పు ఎవరిదో తేల్చడం మా ఇద్దరి వల్లా కాలేదు.

తర్వాత షాపుకు నోటీసు పంపండి. లాయరే రాయాలని లేదు. కొన్న తేదీ, బిల్లు నంబరు, బిల్లులో రాసిన మాటలు, మీరు చేసిన రెండు పరీక్షల ఫలితం, 15 రోజుల్లో 11,800 రూపాయలు వాపసు ఇవ్వాలనే కోరిక, ఇంతే ఉండాలి. స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. అదే సమయంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఇంత చిన్న మొత్తాలు చాలావరకు ఇక్కడే తీరిపోతాయి.

గడువు దాటినా కదలకపోతే కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సెక్షన్ 35 కింద ఫిర్యాదు వేయండి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. కొన్నప్పటి నుంచి రెండేళ్ల గడువు ఉంది గాని, అంతవరకు ఆగకండి. ఎంత ఆలస్యమైతే అంత "వాడుకుని తెచ్చారు" అనే మాట బలపడుతుంది. మోటారు లేదని అడాప్టర్ రంధ్రం లేకపోవడం, బాక్సు మీది మాటలు చెబితే ల్యాబ్ పరీక్ష అవసరం రాకపోవచ్చు. నష్టపరిహారం లక్షల్లో అడగకండి. ధర, దాని మీద వడ్డీ, ఖర్చుల కింద న్యాయమైన కొంత మొత్తం అడిగితే మీ మాట మీద కమిషన్‌కు నమ్మకం కుదురుతుంది.

మధ్యలో షాపువాళ్లు "డబ్బు వద్దు, తేడా కట్టి పెద్ద వీల్ తీసుకోండి" అనొచ్చు. మీకు ఇష్టమైతే తీసుకోండి, తప్పు లేదు. అయితే జి29, జి920 అని చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉండే రెండు మోడళ్లు దొరుకుతాయి. మొదటిది ప్లేస్టేషన్‌కు, రెండోది ఎక్స్‌బాక్స్‌కు. ఒకదాని చోట ఇంకొకటి పనిచేయదు. బాక్సు మీద పీఎస్5 అనే అచ్చు ఉందో లేదో మీరే చదవండి. అడాప్టర్ పెట్టి, షాపులోనే పీఎస్5కు కలిపి, స్టీరింగ్ దానంతటదే అటూ ఇటూ తిరిగేదాకా నిలబడి చూసి, ఆ తర్వాతే పాత వీల్ అప్పగించి కొత్త బిల్లు తీసుకోండి.