ప్రిన్సిపాల్ గారి చీటీ నుంచి సర్క్యులర్

"వరద పెరుగుతోంది, లంక పిల్లల్ని 2కే పంపేయాలి, పేరెంట్స్ రేవుకి రావాలి అని ప్రిన్సిపాల్ గారు రాసిచ్చారు. లెటర్‌హెడ్ మీద ఎలా పెట్టాలి?"

టైపు చేసే ముందు ఆయన్ని రెండు విషయాలు అడగండి: ఏ తేదీన, రేవు దాకా పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారు? చీటీలో అవే లేవు, తల్లులకు టెన్షన్ అక్కడే.

లెటర్‌హెడ్ కింద ఎడమవైపు సర్క్యులర్ నంబరు, అదే వరుసలో కుడివైపు తేదీ. మధ్యలో 'సర్క్యులర్'. తర్వాత 'విషయం: వరద కారణంగా లంక గ్రామాల విద్యార్థులను ముందుగా పంపుట గురించి'. ఆపైన ఇలా రాయండి:

"గోదావరిలో వరద పెరుగుతున్నందున లంక గ్రామాల విద్యార్థులను ____ తేదీ మధ్యాహ్నం 2.00 గంటలకు ____ గారి వెంట రేవుకు పంపుతాము. తల్లిదండ్రులు అక్కడికి వచ్చి తమ పిల్లలను తీసుకెళ్లగలరు."

కుడివైపు కింద సంతకం, హోదా, ముద్ర. ఎడమవైపు ప్రతులు: క్లాస్ టీచర్లకు, నోటీసు బోర్డుకు.

అచ్చయిన లెటర్‌హెడ్ అయితే ముందు తెల్లకాగితం మీద ప్రింటు తీసి, రెండూ కలిపి వెలుతురుకు పట్టి చూడండి. నంబరు స్కూలు పేరు మీద పడుతుంటే పై మార్జిన్ పెంచాలి.