కూరగాయలో ‘గ’ వచ్చింది, కొబ్బరికాయలో ఎందుకు రాలేదు?

“మా అబ్బాయి నోట్సులో గసడదవాదేశ సంధికి కూరగాయలు, అన్నదమ్ములు అనే రెండు ఉదాహరణలే ఉన్నాయి. కొబ్బరికాయ కొబ్బరిగాయ ఎందుకు అవలేదని అడుగుతున్నాడు. పైగా క గ అయితే అది సరళాదేశ సంధి కూడా కావచ్చు కదా? రెండూ కలిసిపోయి పరీక్ష ముందు టెన్షన్ పడుతున్నాడు. ఎలా చెప్పాలి?”

మీ అబ్బాయి అడిగిన ప్రశ్న చాలా మంచిదండీ. అంబాజీపేట దగ్గర మా ఊళ్లో చాలా ఏళ్లు తెలుగు ట్యూషన్ చెప్పాను. మొదట్లో నేనూ ‘క గ అయితే సరళాదేశం’ అని దగ్గరిదారి చెప్పేవాడిని. దాన్ని నమ్మి ఒక పిల్లాడు పరీక్షలో ‘కూరగాయలు’ పక్కన సరళాదేశ సంధి అని రాసి మార్కులు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత సంధి కంటే ముందు సమాసం చెప్పడం మొదలుపెట్టాను.

సంత నుంచి తెచ్చిన బుట్ట ముందు పెట్టుకోండి. అందులో బెండకాయ, బీరకాయ, కొబ్బరికాయ ఉంటాయి. వీటిలో మొదటి మాట అది ఏ కాయో చెబుతుంది. కొబ్బరి యొక్క కాయ కొబ్బరికాయ, కాబట్టి అది షష్ఠీ తత్పురుషం. చేతిలో ఉన్న వస్తువు ఒకటే. ‘కూరగాయలు’ అలా కాదు. కూర యొక్క కాయ అంటే అర్థమే కుదరదు. కూరా కాయా అని రెండింటినీ కలిపి చెబుతున్నాం, రెండింటికీ సమాన ప్రాధాన్యం ఉంది. అది ద్వంద్వం. ద్వంద్వంలో రెండో మాట మొదట ఉన్న పరుషాలకు, అంటే క చ ట త పలకు, గ స డ ద వలు వస్తాయని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం చెప్పాడు.

ఇప్పుడు ‘కూర’ అన్న మాటనే రెండో స్థానంలో పెట్టి చూడండి. కాయలూ కూరలూ కలిస్తే కాయగూరలు, ‘గ’ వచ్చింది. ఆకుతో చేసే కూర ఆకుకూర, ‘క’ కదలలేదు. మీ అబ్బాయికి ఈ జంట ఒక్కటి పట్టుబడితే సగం పని అయిపోయినట్టే. మధ్యలో ‘మరియు’ పెట్టి చూడమనండి. అర్థం నిలిస్తే ద్వంద్వం.

ఇక సరళాదేశంతో తికమక. క, ట, తలకు రెండు సంధుల్లోనూ గ, డ, దలే వస్తాయి. అందుకే అక్షరం చూసి తేల్చలేం. తేడా బయటపడేది చ, పల దగ్గర. సరళాదేశంలో అవి జ, బ అవుతాయి. గసడదవాదేశంలో స, వ అవుతాయి. మా పిల్లలకు రేవులోని పడవతో చెప్పేవాడిని. ‘పోయెను + పడవ’ కలిపితే ‘పోయెఁబడవ’. ‘పోయెను’ చివర ద్రుతం, అంటే నకారం ఉంది కాబట్టి ప బ అయింది. అవే మాటలు తిప్పి ‘పడవ + పోయె’ అనండి. ‘పడవ’ ప్రథమా విభక్తిలో ఉంది, చివర ద్రుతం లేదు. అది ‘పడవవోయె’ అవుతుంది, ప వ అయింది. ఇది సమాసం కాదు, వాక్యం. ప్రథమ మీద పరుషాలకు గసడదవలు బహుళంగా వస్తాయన్న సూత్రం ఇక్కడ పనిచేస్తుంది, కాబట్టి ‘పడవపోయె’ అని ఉంచినా తప్పు కాదు. అదే ‘పడవ ప్రయాణించె’ అంటే మాత్రం మార్పు రాదు. ప్రయాణం సంస్కృత పదం, దాని పరుషానికి ఈ ఆదేశం లేదు.

అలాగని కూరగాయలకు ముందు మాటలో ద్రుతం వెతుకుదామంటే, ‘కూర’లో అది లేదు. అందుకే కూరగాయలు సరళాదేశం కాలేదు.

ఇంకోటి మీవాడు తప్పకుండా అడుగుతాడు. ‘అన్నదమ్ములు’లో ద వచ్చింది కదా, ‘అన్నా తమ్ముడూ వచ్చారు’లో త అలాగే ఎందుకు ఉంది? అక్కడ సమాసమే లేదు. రెండు మాటల చివరా దీర్ఘం వచ్చి ‘మరియు’ అనే మాట పని చేస్తోంది, రెండూ విడివిడిగానే ఉన్నాయి. అక్కచెల్లెళ్లు, రాకపోకలు మాత్రం ద్వంద్వాలే. సూత్రం ప్రకారం మారాలి కానీ నేటి వాడుకలో చ, ప అలాగే నిలిచాయి. వీటిని గసడదవాదేశానికి ఉదాహరణగా రాయొద్దని, సమాసం అడిగితే మాత్రం ధైర్యంగా ద్వంద్వం అని రాయమని చెప్పండి.

ఈసారి మీ తోటలో కొబ్బరి దింపు తీసినప్పుడో, కూరలు కొనడానికి వెళ్లినప్పుడో కనబడ్డ ప్రతి పేరుకీ విగ్రహవాక్యం చెప్పించండి. సంధి పేరు ఆ తర్వాతే అడగండి.