చిన్న బిల్డర్లకు రాసే ఈమెయిల్: ముందు స్థలం లెక్క, తర్వాతే మన గొప్ప

చిరంజీవికి ఆశీస్సులు.

బిల్డర్లకు పంపుదామనుకుంటున్న ఈమెయిల్ చదివాను. శుభ్రంగా రాశావు. కానీ మొదటి రెండు పేరాలూ నీ ఆర్కిటెక్ట్ ఆఫీసు గురించే ఉన్నాయి, చివర ఆరు త్రీడీ బొమ్మలు జోడించావు. ఒకటో రెండో అపార్ట్‌మెంట్లు కట్టుకునే బిల్డర్‌కు అవి చూసే తీరిక ఉండదు. అతని మనసులో ఒకే ప్రశ్న తిరుగుతుంటుంది: ఈ స్థలం తీసుకుంటే ఎన్ని ఫ్లాట్లు వస్తాయి? కాన్సెప్ట్ డిజైన్ సంప్రదింపు అంటే నిజానికి ఆ ప్రశ్నకు నమ్మదగిన జవాబు. నీ ఈమెయిల్ అక్కడ మొదలవ్వాలి.

ఇంకో మాట ముందే చెప్తాను. పని కోరుతూ రాయడం మీద, ప్రకటనల మీద కొన్ని దేశాల్లో ఆర్కిటెక్టుల నియమావళి ఆంక్షలు పెడుతుంది. నీకు వర్తించే నియమావళి చూసుకున్నాకే పంపు.

వందమందికి ఒకే ఉత్తరం పంపకు. ఒక బిల్డర్, ఒక స్థలం, ఆ స్థలం గురించి ఒక ప్రశ్న. ఆ ప్రశ్న అతనికి ఇంకా తట్టనిదై ఉండాలి. అదెలా దొరుకుతుందో ఒక లెక్కతో చూపిస్తాను.

20 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల లోతు ఉన్న స్థలం అనుకో. ముందు 4 మీటర్లు, మిగతా మూడు వైపులా 2 మీటర్ల చొప్పున వదలాలని అక్కడి నిబంధన అనుకుందాం. కట్టడానికి మిగిలేది 16 మీటర్ల వెడల్పు, 24 మీటర్ల లోతు, అంటే 384 చదరపు మీటర్లు. మెట్లు, లిఫ్ట్, కారిడార్ కలిపి 64 పోయాయనుకుంటే మిగిలిన 320లో అంతస్తుకు 80 చదరపు మీటర్ల ఫ్లాట్లు నాలుగు. అయిదంతస్తులకు ఇరవై. ఈ లెక్క ఏ బిల్డరైనా కాగితం మీద రెండు నిమిషాల్లో వేసుకుంటాడు. స్థలం ధర మాట్లాడేదీ దీన్ని పట్టుకునే.

ఇప్పుడు కిందికి రా. స్టిల్ట్‌లో, అంటే స్తంభాల మధ్య ఖాళీగా వదిలే కింది అంతస్తులో, కార్లు పెట్టాలి. ఒక్కో కారుకు రెండున్నర మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు. దారికి లంబంగా పెట్టే కారు తిరగడానికి మధ్యలో సుమారు 6 మీటర్ల దారి. అటు 5, మధ్య 6, ఇటు 5: సరిగ్గా 16. ఇంతవరకూ బాగానే ఉంది. 24 మీటర్ల పొడవులో ఒక్కో వైపు తొమ్మిది కార్లు పట్టేలా కనిపిస్తుంది. స్తంభాల మందం తీసేస్తే ఎనిమిదికి దిగుతుంది. రెండు వైపులా పదహారు. అందులో మెట్లు, లిఫ్ట్, మీటర్ల గది కలిసి నాలుగు కార్ల చోటు తింటాయి. చివరికి మిగిలేది పన్నెండు. ఫ్లాటుకొక కారు తప్పనిసరి అనే నిబంధన ఉన్నచోట ఎనిమిది ఫ్లాట్లకు పార్కింగ్ లేదు.

సెల్లార్ తవ్వుకుంటాను అంటాడు. 3 మీటర్లు దిగాలంటే, 8కి 1 వాలుతో ర్యాంపు పొడవే 24 మీటర్లు. పైనా కిందా కారు అడుగు తగలకుండా వాలు తగ్గించాలి కాబట్టి ఇంకాస్త పెరుగుతుంది. పక్కన వదిలిన 2 మీటర్లలో కారు ర్యాంపు పట్టదు, భవనం లోపలే రావాలి. అంటే స్టిల్ట్‌లో ఒక వరస దాదాపు మొత్తం పోతుంది. సెల్లార్‌లో వచ్చే కార్లలోంచి వీటిని తీసేసి చూస్తేగాని తవ్వకం గిట్టుబాటో కాదో తెలియదు. ఒకదానిపై ఒకటి కార్లు నిలిపే యంత్రం పెట్టొచ్చు. లేదా అంతస్తుకు మూడు పెద్ద ఫ్లాట్లు చేసి నాలుగంతస్తులతో ఆపొచ్చు, అప్పుడు పన్నెండు ఫ్లాట్లకు పన్నెండు కార్లు సరిపోతాయి. ఏది లాభమో అతని అమ్మకం ధర తేలుస్తుంది. ఏది సాధ్యమో మనం తేల్చాలి.

కాబట్టి ఈమెయిల్ ఇలా ఉంటే చాలు. సబ్జెక్టులో: "మీ 20 × 30 మీటర్ల స్థలం: పార్కింగ్ గురించి ఒక ప్రశ్న". లోపల:

"నమస్కారం. మీరు చూస్తున్న స్థలంలో ఫ్లాట్ల సంఖ్యను అంతస్తులకన్నా పార్కింగే నిర్ణయిస్తుందని నా అంచనా. స్టిల్ట్‌లో పట్టే కార్లు, పైన వచ్చే ఫ్లాట్ల కన్నా తక్కువయ్యేలా ఉన్నాయి. అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది తేల్చుకోవడం మంచిది. సర్వే డ్రాయింగ్, రోడ్డు వెడల్పు, మీరు అమ్మదలచిన ఫ్లాట్ల సైజు పంపితే పది పనిదినాల్లో రెండు ప్రత్యామ్నాయాలు ఇస్తాను. ఒక్కోదానికి ఒక పార్కింగ్ ప్లాను, ఒక అంతస్తు ప్లాను, ఒక విస్తీర్ణాల పట్టిక ఉంటాయి. ఒకసారి మార్పులు చేసిస్తాను. పర్మిషన్ డ్రాయింగులు, స్ట్రక్చరల్ డిజైన్, మట్టి పరీక్ష ఇందులో ఉండవు."

కింద ఫీజు ఒకే అంకెగా రాయి. సగం ముందు, సగం డ్రాయింగులు ఇచ్చేటప్పుడు. పూర్తి పని నీకే ఇస్తే ఈ మొత్తాన్ని ఆ ఫీజులో మినహాయిస్తానని చెప్పు. "మొదటి స్కెచ్ ఉచితం" అన్న నీ వాక్యం తీసేయ్. ఉచితంగా ఇచ్చిన స్కెచ్ పట్టుకుని అతను తక్కువకు గీసేవాడి దగ్గరికి వెళ్తాడు. అందులో అతని తప్పు కూడా లేదు, ధర లేదని చెప్పింది మనమే.

పై నమూనాలో "పన్నెండు" అన్న అంకె రాయలేదు, గమనించావా? సమస్య ఉందని చెప్పు, సంఖ్య చెప్పకు. సర్వే చూడకుండా నువ్వు రాసిన సంఖ్యను పట్టుకుని అతను స్థలం కొనేస్తాడు. కాగితం మీద 20 మీటర్లున్న స్థలం కొలిస్తే 19.4 ఉండొచ్చు. అప్పుడు లోపలి వెడల్పు 15.4కి పడిపోతుంది. 5, 6, 5 పట్టదు, దారి ఇరుకవుతుంది, లేదా ఒక వరస కార్లను దారికి సమాంతరంగా నిలపాలి. అంత చిన్న తేడాకే లెక్కంతా మారిపోతుంది. అందుకే డబ్బు తీసుకున్నాక ఇచ్చే డ్రాయింగు మీద కూడా ఏ సర్వే ఆధారంగా గీశావో తేదీతో సహా రాయి. విస్తీర్ణాల పట్టికలో కార్పెట్, బిల్టప్, అమ్మకపు విస్తీర్ణం మూడూ విడివిడి గళ్లలో పెట్టు. గొడవలన్నీ ఆ మూడూ కలిపేసిన చోటే పుడతాయి.

పని వచ్చాక స్టిల్ట్ ముందు గీయి, ఫ్లాట్లు తర్వాత. పైన గదులు అందంగా అమర్చుకుని స్తంభాలు కిందికి దించితే ఒకటి కచ్చితంగా కారు నిలిపే చోటు మధ్యలోకి వచ్చి నిలబడుతుంది. మూడు కార్లకు కలిపి ఏడున్నర మీటర్లు ఖాళీగా దొరికేలా స్తంభాల వరస పెట్టుకుని, పడకగది గోడలను దానికి సర్దుకో.

జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారి గుర్తుచేయి, అంతే. స్థలం బేరం కుదరకపోయి ఉండొచ్చు. తర్వాతి స్థలానికి అతనే ఫోన్ చేస్తాడు, ఆ ప్రశ్న గుర్తుంటే. త్రీడీ బొమ్మలు తీసేసి, నువ్వు ఎంచుకున్న మొదటి స్థలం కొలతలతో ఈమెయిల్ తిరగరాసి పంపించు. చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్‌లు నేనూ ఒకసారి సరిచూస్తాను.