ఒక్క ఫైబర్‌ను 32 ఇళ్లకు పంచితే స్పీడ్ మిగులుతుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్ శివార్లలో కాలనీ. పాత ల్యాండ్‌లైన్ బ్రాడ్‌బ్యాండ్ 3 ఎంబీపీఎస్ దాటడం లేదు. కేబుల్ టీవీ ఆయన అదే వైరు మీద 100 ఎంబీపీఎస్ ఇస్తానంటున్నాడు. ఫైబర్ వాళ్లూ వచ్చారు గానీ ఒక్క ఫైబర్‌నే 32 ఇళ్లకు పంచుతారట. ల్యాండ్‌లైన్ వైరైతే మా ఒక్కరిదే కదా! నాది ఇంటి నుంచే పని, సాయంత్రాలు వీడియో మీటింగులు. ఏది తీసుకోమంటారు?

జవాబు: ఫైబర్ తీసుకోండి. 32 ఇళ్లు అన్న మాటకు మీరు భయపడటం సహజమే గానీ, పంచుకోవడం అనేది మూడింటిలోనూ ఉంది. దేన్ని పంచుకుంటున్నాం, అది మొత్తం ఎంత ఉంది, ఎక్కడ పంచుకుంటున్నాం అనేవే తేడా.

ముందు మీ ల్యాండ్‌లైన్ సంగతి చూద్దాం. బ్రౌజర్‌లో `192.168.1.1` కొట్టి మోడెమ్ పేజీ తెరవండి. చాలా మోడెమ్‌లకు ఇదే అడ్రస్. కాకపోతే మోడెమ్ అడుగున ఉన్న స్టిక్కర్ మీద చూడండి. అందులో డీఎస్ఎల్, అంటే టెలిఫోన్ వైరు మీద నడిచే ఇంటర్నెట్, వివరాల దగ్గర `Line Attenuation` అని ఒక అంకె ఉంటుంది. ఎక్స్ఛేంజ్ నుంచి బయలుదేరిన సిగ్నల్ మీ ఇంటికి వచ్చేసరికి ఎంత నీరసించిందో అది చెబుతుంది. మామూలు టెలిఫోన్ రాగి తీగ మీద కిలోమీటరుకు ఇంచుమించు 14 డెసిబెల్స్ పోతాయని లెక్క వేసుకోవచ్చు. మీ 3 ఎంబీపీఎస్‌ను బట్టి చూస్తే అక్కడ 55కు అటూఇటూగా కనిపించాలి. అంటే వైరు దాదాపు 4 కిలోమీటర్లు. ఎక్స్ఛేంజ్ మీ ఇంటికి రెండు కిలోమీటర్లే కదా అనుకోకండి. వైరు వీధులన్నీ తిరిగి, పిల్లర్ బాక్సులు దాటుకుంటూ వస్తుంది.

ఈ దూరమే మీ స్పీడ్‌ను తినేస్తోంది. మన మాట వెళ్లడానికి 4 కిలోహెర్ట్జ్ చాలు. దానికి పైన, 2.2 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న చోటును ఏడీఎస్ఎల్2 ప్లస్ అనే డీఎస్ఎల్ రకం వందలాది చిన్న చిన్న పాయలుగా చేసి, ఒక్కో పాయలో కొంత డేటా పంపుతుంది. పాయలన్నీ బాగా పనిచేస్తే 24 ఎంబీపీఎస్ దాకా వస్తుంది. కానీ ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ రాగి తీగలో సిగ్నల్ మరీ తొందరగా చస్తుంది. ఎక్స్ఛేంజ్ పక్కనే ఉన్న ఇంటికి పాయలన్నీ అందుతాయి. 4 కిలోమీటర్ల దూరంలోని ఇంటికి అడుగున ఉన్న కొన్నే మిగులుతాయి. అందుకే వైరు మొత్తం మీదే అయినా దాంట్లో వాడుకోగలిగింది 3 ఎంబీపీఎస్. ప్లాన్ మార్చినా, మోడెమ్ మార్చినా ఇది పెరగదు. వీడీఎస్ఎల్ అనే మెరుగైన రకం 100 ఎంబీపీఎస్ దాకా ఇస్తుంది గానీ, అది కొన్ని వందల మీటర్లలోపే. బ్రిటన్, జర్మనీ లాంటి చోట్ల వీధి చివరి పెట్టె దాకా ఫైబర్ తెచ్చి, అక్కడి నుంచి మాత్రమే రాగి వాడారు కాబట్టి అది వాళ్లకు పనికొచ్చింది.

పైగా ఆ వైరు పూర్తిగా మీ ఒక్కరిదేం కాదు. ఒకే కట్టలో వచ్చే పక్కింటి తీగల సిగ్నల్ మీ తీగలోకి ఊరుతుంది. ఎక్స్ఛేంజ్‌లో అందరి లైన్లూ ఒక పెట్టెలో కలిసి ఒకే దారిన బయటికి వెళ్తాయి. మా ఇంట్లో డీఎస్ఎల్ ఉన్న రోజుల్లో వాన పడితే చాలు, మోడెమ్ లైటు కొట్టుకునేది. లైన్‌మన్ వచ్చి వీధిలో వైర్లు కలిసే డీపీ బాక్స్ తెరిచి చూస్తే జాయింట్ పచ్చగా చిలుము పట్టి ఉంది. దాన్ని కత్తిరించి కొత్తగా మెలిపెట్టాక రొదను దాటి సిగ్నల్‌కు ఎంత మిగులు ఉందో చెప్పే `SNR Margin` 4 నుంచి 11కు పెరిగింది. ఆ అంకె 6 కంటే తగ్గితే లైను తెగుతూ ఉంటుంది. అలాంటి జాయింట్లు మీ నాలుగు కిలోమీటర్లలో ఎన్ని ఉన్నాయో ఎవరు చెప్పగలరు!

ఇక కేబుల్. ముందు ఆయన్ని ఒక మాట అడగండి: ఇంటర్నెట్ నిజంగా టీవీ వైరు మీదే వస్తుందా, లేక మేడల మీదుగా లాగే ల్యాన్ వైరు మీదా? మన ఊళ్లలో కేబుల్ ఇంటర్నెట్ అని చెప్పేది చాలాసార్లు రెండోదే. అది వేరే కథ. టీవీ వైరు మీదే అయితే ఈ లెక్క చూడండి. టీవీ చానెల్‌కు ఉండే 8 మెగాహెర్ట్జ్ చోటులో ఇంటర్నెట్ పంపితే దాదాపు 50 ఎంబీపీఎస్ వస్తుంది. అలాంటివి ఎనిమిది కలిపితే 400. ఈ 400ను ఒక్క ఇంటికి కాదు, ఒక నోడ్ కింద ఉన్న అందరికీ కలిపి ఇస్తారు. నోడ్ అంటే ఫైబర్ ఆగిపోయి టీవీ వైరు మొదలయ్యే చోటు. దాని కింద కొన్ని వందల ఇళ్లు ఉండొచ్చు. రాత్రి తొమ్మిదింటికి అందులో 100 ఇళ్లవాళ్లు ఒకేసారి వీడియోలు చూస్తే తలా 4 ఎంబీపీఎస్. మధ్యాహ్నం స్పీడ్ టెస్ట్‌లో 100 చూపించిన లైను రాత్రికి ఎందుకు నత్తనడక నడుస్తుందో ఇక్కడ తెలుస్తుంది.

మీకు అసలు ఇబ్బంది అప్‌లోడ్‌తో. మీటింగులో మీ ముఖం, మీ గొంతు వెళ్లేది ఆ దారినే. కేబుల్‌లో దానికి మిగిలేది అడుగున ఉన్న ఇరుకు చోటే, చాలాచోట్ల 65 మెగాహెర్ట్జ్ లోపు. సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీల్లోనే రేడియో సిగ్నళ్లు, మోటార్ల నిప్పురవ్వల రొద దొర్లుతుంటాయి. ఏదో ఒక ఇంట్లో టీవీ వెనకాల కనెక్టర్ వదులైతే ఆ రొద వైరులోకి దూరుతుంది. అన్ని ఇళ్ల నుంచి వచ్చే వైర్లు పైకి వెళ్తూ ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి కాబట్టి, అన్ని ఇళ్ల రొదా నోడ్ దగ్గర పోగవుతుంది. ఆ ఒక్క కనెక్టర్ వల్ల వీధి మొత్తం అప్‌లోడ్ దెబ్బతింటుంది. ఏ ఇంట్లోదో కనిపెట్టడానికి టెక్నీషియన్ ఒక్కో కొమ్మనూ విడదీసి చూడాలి.

ఫైబర్‌కు వద్దాం. మన దగ్గర ఇళ్లకు ఎక్కువగా వచ్చేది జీపాన్ అనే రకం ఫైబర్. ఆపరేటర్ ఆఫీసులో ఓఎల్‌టీ అనే పెట్టె ఉంటుంది. దాని ఒక్క పోర్ట్ నుంచి బయలుదేరిన ఫైబర్ మీ కాలనీలో ఒక స్ప్లిటర్ దగ్గర 32గా చీలుతుంది. ఆ స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, వెలుగును పంచడమే దాని పని. దారిలో కరెంటు కావాల్సిన యాంప్లిఫయర్ ఒక్కటీ లేకపోవడం వల్లే దీన్ని పాసివ్ అంటారు. మీ వీధిలో కరెంటు పోయినా మీ ఇంట్లో రౌటర్‌కు ఇన్వర్టర్ ఉంటే నెట్ నడుస్తుంది.

ఆ పోర్ట్ నుంచి కిందికి వచ్చేది మొత్తం 2,488 ఎంబీపీఎస్, పైకి వెళ్లేది 1,244. 32 ఇళ్లూ 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని, 32 ఇళ్లూ ఒకే క్షణంలో పూర్తిగా లాగినా తలా 75 దాకా వస్తుంది. అలా ఎవరూ లాగరు. ఒక 4కే సినిమాకు 25 ఎంబీపీఎస్ అనుకుంటే, 32 ఇళ్లలోనూ ఒక్కో సినిమా నడిస్తే 800. ఇంకా మూడింట రెండొంతులు ఖాళీగానే ఉంటుంది.

కిందికి వచ్చేటప్పుడు అందరి డేటా అందరి ఇళ్లకూ వస్తుంది, ఎవరి పెట్టె వాళ్ల డేటానే తీసుకుంటుంది. మీది పక్కింటివాళ్లు చదవకుండా దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతారు. పైకి పంపేటప్పుడు మాత్రం అందరూ ఒకేసారి వెలుగు పంపితే కలగాపులగమైపోతుంది. అందుకే ఓఎల్‌టీ ఒక్కో ఇంటి దూరం ముందే కొలుచుకుంటుంది. ఫైబర్‌లో వెలుగు కిలోమీటరు వెళ్లడానికి దాదాపు 5 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ లెక్కన ఎవరు ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంతసేపు పంపాలో ఓఎల్‌టీయే చెబుతుంది. ఎక్కువ పంపాల్సి ఉన్న ఇంటికి ఎక్కువ సమయం ఇస్తుంది. ఎప్పుడో అరుదుగా ఒక ఇంటి పెట్టె పాడై వంతు లేకుండా వెలుగు వదులుతూనే ఉంటుంది. అప్పుడు చుట్టుపక్కల అందరికీ ఒకేసారి నెట్ పోతుంది, అయినా సిగ్నల్ పోయిందని చెప్పే ఎర్ర లైటు వెలగదు. అలా జరిగితే మీ ఒక్కరి కంప్లైంట్ కాకుండా, వీధి మొత్తానిదని చెప్పండి.

దూరం విషయంలో రాగికీ దీనికీ పోలికే లేదు. జీపాన్ 20 కిలోమీటర్ల దాకా పనిచేస్తుంది, దగ్గరింటికీ దూరపింటికీ ఒకటే స్పీడ్. ఇక్కడ వెలుగును ఎక్కువగా తినేది దూరం కాదు, స్ప్లిటరే. మీ లెక్కే వేద్దాం. ఓఎల్‌టీ ప్లస్ 3 డీబీఎం బలంతో వెలుగు పంపిందనుకోండి. 6 కిలోమీటర్ల ఫైబర్‌లో పోయేది 2 డెసిబెల్స్. స్ప్లిటర్‌లో 17. కనెక్టర్లు, అతుకులు కలిపి ఇంకో 2. మొత్తం 21 పోతే మీ ఇంటికి మైనస్ 18 వస్తుంది. సాధారణంగా మైనస్ 27 దాకా పెట్టె చదవగలదు. అంటే మీకు 9 డెసిబెల్స్ మిగులు ఉంది.

ఈ మిగులును పాడుచేసేది ఎక్కువగా ఇంట్లోనే. కిటికీ మూలలో వైరును లంబకోణంలో వంచి మేకుతో బిగించేస్తారు. ఆ వంపు దగ్గర వెలుగు బయటికి కారిపోతుంది. మైనస్ 18 కాస్తా మైనస్ 26 అవుతుంది. ఆ రోజు స్పీడ్ టెస్ట్ బాగానే వస్తుంది, టెక్నీషియన్ వెళ్లిపోతాడు. నాలుగు నెలల తర్వాత కనెక్టర్‌లో కాస్త దుమ్ము చేరగానే ఎల్ఓఎస్ అని రాసిన ఎర్ర లైటు కొట్టుకోవడం మొదలవుతుంది.

మరి ఫైబర్ పెట్టించుకున్న కొందరు సాయంత్రాలు నెమ్మదిగా ఉందంటారు, ఎందుకు? చాలాసార్లు ఇరుకు స్ప్లిటర్ దగ్గర కాదు, ఆ తర్వాత ఆపరేటర్ కొనుక్కున్న దారిలో ఉంటుంది. వెయ్యి కనెక్షన్లు ఇచ్చి, బయటికి వెళ్లే లింకు ఒక్క గిగాబిట్‌దే కొంటే ఏ ఫైబరైనా చేయగలిగిందేమీ లేదు. ఇది మీరే చూసుకోవచ్చు. రౌటర్‌కు వైరుతో కలిపిన విండోస్ కంప్యూటర్‌లో పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి ఇది నడపండి:

```
tracert -d 8.8.8.8
```

మొదటి వరుస మీ రౌటర్. రెండోది మామూలుగా ఆపరేటర్ పెట్టె. కొన్ని పెట్టెలు జవాబివ్వవు, అక్కడ నక్షత్రాలు కనిపిస్తే కంగారు వద్దు. పొద్దున 3 మిల్లీసెకన్లున్న రెండో వరుస, దాని తర్వాతవన్నీ కూడా రాత్రికి 80 అయితే, మీ ఇంటికీ ఆపరేటర్‌కూ మధ్యే రద్దీ ఉంది. రెండోది 3 దగ్గరే ఉండి, ఆ తర్వాతి నుంచి చివరి దాకా పెరిగితే ఇరుకు పైనే ఉంది. పక్క ఫ్లాట్‌లో ఇప్పటికే ఆ ఫైబర్ ఉంటే, డబ్బు కట్టకముందే వాళ్ల ఇంట్లో రాత్రిపూట ఇది ఒకసారి నడిపి చూడండి.

కనెక్షన్ పెట్టే రోజు టెక్నీషియన్ వెళ్లేముందు ఆ పెట్టె పేజీలో `Rx Power`, అంటే ఇంటికి చేరిన వెలుగు బలం, ఎంతో చూపించమనండి. మైనస్ 15 నుంచి మైనస్ 23 మధ్య ఉంటే సరే. మైనస్ 25 అయితే స్పీడ్ ఎంత బాగున్నా ఒప్పుకోకండి, వంపులు సరిచేసి కనెక్టర్ తుడిచి మళ్లీ చూడమనండి. ఆ అంకెను, తేదీని పెట్టె మీదే ఒక స్టిక్కర్ అంటించి రాసుకోండి. తర్వాత ఎప్పుడు ఎర్ర లైటు వెలిగినా, వచ్చినవాళ్లకు ముందు ఆ స్టిక్కర్ చూపించండి.