లెక్కగట్టిన ఎల్‌డీఎల్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: కొలెస్ట్రాల్ రిపోర్టులో ఎల్‌డీఎల్ పక్కన "లెక్కగట్టినది" అని ఉంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువైతే అది తప్పుతుందా?

అవును, సాధారణంగా అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఎల్‌డీఎల్‌ను లెక్కగట్టే పాత సూత్రాన్ని వాడకూడదు. ఆ సూత్రం మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసేస్తుంది. ఆ ఐదో వంతు, ట్రైగ్లిజరైడ్లను మోసే వీఎల్‌డీఎల్ కణాల్లోని కొలెస్ట్రాల్‌కు అంచనా మాత్రమే. ట్రైగ్లిజరైడ్లు పెరిగినప్పుడు ఆ కణాల్లోనూ అవే ఎక్కువై, వాటితో పోలిస్తే కొలెస్ట్రాల్ వాటా తగ్గుతుంది. అందువల్ల తీసివేత మితిమీరుతుంది.

మొత్తం 220, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 380 అనుకుందాం. 76 తీసేస్తే ఎల్‌డీఎల్ 104 వస్తుంది. నిజమైన వీఎల్‌డీఎల్ 50 అయితే ఎల్‌డీఎల్ 130! (అన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో.)

ఆ 104 చూసి ఎల్‌డీఎల్ అదుపులో ఉందనుకోవడమే చాలామంది పొరపాటు. ఇలాంటప్పుడు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిచే పరీక్ష అడగండి. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసిన 180 కూడా చూడండి. అందులో ట్రైగ్లిజరైడ్ల అంచనా ఉండదు.