భయం ఎక్కువైతే బంగారం పెంచాలా, ఎఫ్‌డీ పెంచాలా?

*ప్రశ్న: నా దగ్గర 10 లక్షలు ఉన్నాయి. నిఫ్టీ ఇండెక్స్ ఫండ్, గోల్డ్ ఈటీఎఫ్ రెండిట్లోనూ పెట్టాలని ఉంది. షేర్లు పడిపోతాయేమోనని నాకు టెన్షన్. అందుకే బంగారం 70 శాతం, షేర్లు 30 శాతం అనుకుంటున్నాను. సరైనదేనా సర్?*

మీ భయాన్ని తగ్గించాల్సింది బంగారం కాదు, ఫిక్స్‌డ్ డిపాజిట్. షేర్లు, బంగారం మధ్య నిష్పత్తిని ఒక లెక్క తేలుస్తుంది. ఆ లెక్కలో మీ ధైర్యానికి చోటు లేదు. ఆ జంటలో మొత్తం ఎంత పెట్టాలి, ఎఫ్‌డీలో ఎంత ఉంచాలి అన్నదే మీ ధైర్యాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండు నిర్ణయాలనూ విడదీయవచ్చని 1958లోనే ఆర్థికవేత్త జేమ్స్ టోబిన్ చూపించారు.

కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి నా ఊహలే, హామీలు కావు. ఎఫ్‌డీ వడ్డీ 6 శాతం. షేర్ల నుంచి ఏడాదికి 12 శాతం, బంగారం నుంచి 9 శాతం వస్తాయని ఆశిద్దాం. అంటే ఎఫ్‌డీ కంటే షేర్లు 6 శాతం, బంగారం 3 శాతం ఎక్కువ ఇస్తాయి. హెచ్చుతగ్గుల కొలత, అంటే స్టాండర్డ్ డీవియేషన్, షేర్లకు 20, బంగారానికి 15. రెండిటి కదలికల మధ్య సంబంధం లేదనుకుందాం, అంటే కోరిలేషన్ సున్నా.

చాలామంది ఇక్కడ అదనపు రాబడిని రిస్క్‌తో, అంటే స్టాండర్డ్ డీవియేషన్‌తో, భాగిస్తారు. షేర్లకు 0.30, బంగారానికి 0.20 వస్తుంది కాబట్టి 60:40 అంటారు. కానీ వాటాల కోసం భాగించాల్సింది రిస్క్‌ను రిస్క్‌తోనే గుణిస్తే వచ్చే వర్గంతో. 6ను 400తో భాగిస్తే 0.0150, 3ను 225తో భాగిస్తే 0.0133. ఈ రెండిటి నిష్పత్తి దాదాపు 53:47. ఒక్కో యూనిట్ రిస్క్‌కు అత్యధిక ప్రతిఫలం ఇచ్చే ఈ జంటనే టాంజెన్సీ పోర్ట్‌ఫోలియో అంటారు. దీని ప్రతిఫలం 0.36. విడిగా షేర్ల 0.30 కన్నా, బంగారం 0.20 కన్నా ఇది మెరుగు.

కోరిలేషన్ సున్నా కానప్పుడు స్ప్రెడ్‌షీట్‌లో ఇలా వేసుకోండి. e అదనపు రాబడి, s స్టాండర్డ్ డీవియేషన్, r కోరిలేషన్. 1 షేర్లు, 2 బంగారం.

```
A = e1*s2^2 - e2*r*s1*s2
B = e2*s1^2 - e1*r*s1*s2
షేర్ల వాటా = A/(A+B)
```

కోరిలేషన్ 0.3 అయితే 62:38 వస్తుంది. అది 0.67కి చేరితే బంగారం వాటా సున్నా అవుతుంది. ఎందుకంటే ఈ లెక్కలో బంగారానికి అంత చోటు దక్కింది దాని రాబడి వల్ల కన్నా, అది షేర్లతో కలిసి పడకపోవడం వల్లే.

ఇప్పుడు మీ భయం సంగతి. 53:47 జంట హెచ్చుతగ్గు దాదాపు 12.7 శాతం. మీరు 8 శాతం వరకు తట్టుకోగలరనుకుంటే, 8ను 12.7తో భాగించండి. 0.63 వస్తుంది. అంటే 6.3 లక్షలు ఈ జంటలో (షేర్లలో సుమారు 3.3, బంగారంలో 3 లక్షలు), మిగిలిన 3.7 లక్షలు ఎఫ్‌డీలో. బ్యాంకు డిపాజిట్‌కు ఇన్సూరెన్స్ 5 లక్షల దాకా ఉంది కాబట్టి, అదే బ్యాంకులో మీకు వేరే డబ్బు లేకపోతే ఈ మొత్తం ఆ పరిధిలోనే ఉంటుంది. ఇలా పెడితే ఆశించే రాబడి 8.9 శాతం. బంగారం లేకుండా షేర్లు 40, ఎఫ్‌డీ 60 పెట్టినా హెచ్చుతగ్గు అదే 8 శాతం, కానీ రాబడి 8.4. అదే రిస్క్‌కు 10 లక్షల మీద ఏడాదికి సుమారు 4,800 రూపాయల తేడా. టాక్స్ ఇందులో కలపలేదు.

ఇక జాగ్రత్త పడాల్సిన చోటు. బంగారం 9 కాదు, 7 శాతమే ఇస్తుందని అనుకోండి. లెక్క ఒక్కసారిగా 77:23కి మారిపోతుంది. రాబడి అంచనాలో రెండు శాతం పొరపాటు ఎవరికైనా సులభంగా జరుగుతుంది, అందుకే 52.9 శాతం అన్న అంకెను పట్టుకు వేలాడకండి. ఊరటనిచ్చే విషయం, శిఖరం దగ్గర నేల చదునుగా ఉంటుంది. మొదటి అంచనాలతో 60:40 పెట్టినా ప్రతిఫలం 0.361 నుంచి 0.358కే తగ్గుతుంది. బంగారం 7 శాతమే ఇచ్చినా 60:40 జంట 0.298 ఇస్తుంది, అప్పటి అత్యుత్తమం 0.307. రెండు అంచనాల్లోనూ నిలబడుతుంది కాబట్టి మీకు నేను చెప్పేది 60:40. మీ 70 శాతం బంగారం మాత్రం రెండిట్లోనూ వెనకబడుతుంది.

ఇంట్లో అమ్మే ఉద్దేశం లేని నగలను ఈ 40లో కలపకండి. ఎఫ్‌డీ రెన్యువల్ సమయంలో వడ్డీ మారితే e1, e2 రెండూ మారతాయి కాబట్టి, ఆ రోజే లెక్క మళ్లీ వేసి, నిష్పత్తి బాగా పక్కకు జరిగి ఉంటే సరిచేసుకోండి.